ఆరిపోయే గీజర్లు రెండు: కదమా నీళ్లు, మాంగో నీళ్లు

జనవరిలో జంషెడ్‌పూర్ చలి తెల్లవారుజామున పది డిగ్రీల దగ్గరికి దిగుతుంది. ఆ వేళ డాబా మీది ట్యాంకులోంచి వచ్చే నీళ్లు ఒంటి మీద పడితే ఊపిరి ఆగినంత పనవుతుంది. అందుకే ఇక్కడి తెలుగు ఇళ్లలో చాలాచోట్ల గోడకు ఒక గ్యాస్ గీజరు వేలాడుతూ ఉంటుంది. దీనికి ట్యాంకు ఉండదు. కుళాయి తిప్పితే లోపల మంట అంటుకుంటుంది, రాగి గొట్టంలో పోయే నీళ్లు పోతూ పోతూనే వేడెక్కుతాయి, కుళాయి కట్టేస్తే మంట ఆరిపోతుంది. చలికాలంలో ఎక్కువగా వినబడే ఫిర్యాదు కూడా దీని మీదే. తల మీద సబ్బు ఉండగా మంట ఆరిపోయి చన్నీళ్లు పడతాయి.

ఈ ఫిర్యాదుతోనే ఈ చలికాలం నేను రెండు గీజర్లను పక్కపక్కన పెట్టి చూశాను. ఒకటి కదమాలో మా పిన్ని వాళ్లింట్లోది. అక్కడికి వచ్చేది సువర్ణరేఖ నది నీరు, శుద్ధి చేసి గొట్టాల్లో పంపేది. రెండోది నదికి అవతలి ఒడ్డున, మాంగోలో ఒక బావగారింటిది. ఆయన వాడుకునేది సొంత బోరు నీరు. రెండూ ఒకే రకం యంత్రాలు, నిమిషానికి 6 లీటర్ల సామర్థ్యం గలవి. రెండిళ్లకూ వచ్చిన మిస్త్రీలు వేరు వేరు మనుషులే అయినా చెప్పింది మాత్రం ఒకటే: డయాఫ్రం పోయింది, మార్చాలి. రెండు చోట్లా ఆ మాట తప్పు. ఆ తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒక బకెట్టు, ఒక థర్మామీటరు, సెల్‌ఫోన్‌లో గడియారం సరిపోయాయి.

ముందు గీజరు మీద రాసి ఉండే అంకె సంగతి చూద్దాం. 6 లీటర్లు అంటే కుళాయి ఎంత తిప్పినా అంతే వస్తుందని కాదు. మంట పూర్తిగా పెట్టినప్పుడు నిమిషానికి 6 లీటర్ల నీటిని సుమారు 25 డిగ్రీలు పైకి తీసుకుపోగలదని అర్థం. ఆరును ఇరవై అయిదుతో గుణిస్తే 150 వస్తుంది. విద్యుత్ లెక్కలో ఇది పదిన్నర కిలోవాట్లు. మంట మారనంత వరకు ఈ 150 కూడా దాదాపు మారదు. నీళ్లు తగ్గితే డిగ్రీలు పెరుగుతాయి, నీళ్లు పెరిగితే డిగ్రీలు తగ్గుతాయి. కాబట్టి నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తున్నాయో, ఎన్ని డిగ్రీలు పెరుగుతున్నాయో కొలిచి గుణిస్తే, యంత్రం తన మంటలోని వేడిని నీటికి అందిస్తోందో లేదో తేలిపోతుంది. ఈ రకం గీజరుకు మూలపురుషుల్లో ఒకడైన జర్మనీ ఇంజనీరు హూగో యుంకర్స్ 1890ల మొదట్లో తయారుచేసిన కేలరీమీటరు చేసేదీ ఈ గుణకారమే. గ్యాసులో ఎంత వేడి ఉందో కనుక్కోవడానికి ఆయన మంట పక్కగా నీటిని పారించి, పారిన నీటినీ పెరిగిన డిగ్రీలనూ లెక్కగట్టాడు. స్నానానికి నీళ్లు కాచే ఆయన యంత్రం ఆ కొలత పరికరం లోంచే పుట్టింది.

కదమా ఇంటికి ఈ కొలత పట్టుకుని వెళ్లాను. రెండో అంతస్తు ఇల్లు, పైన డాబా, డాబా మీద ఇటుకల దిమ్మె మీద ట్యాంకు. గీజరు బాల్కనీ గోడకు ఉంది, అది మంచి ఏర్పాటు. "షవరు కింద నిలబడితే చాలు, టప్పున ఆరిపోద్ది. బకెట్టు పెడితే మాత్రం చక్కగా మండుతాది, ఏటో మరి!" అంది పిన్ని. ఆ మాటలోనే సగం రోగనిర్ణయం ఉంది. మిస్త్రీ ఆ సంగతి అడగనేలేదు.

షవరు కింద పది లీటర్ల బకెట్టు పెడితే నిండడానికి 4 నిమిషాల 10 సెకన్లు పట్టింది. అంటే నిమిషానికి 2.4 లీటర్లు. మంట అంటుకుంది గానీ రెపరెపలాడి ఆరింది. అదే గొట్టం నుంచి వచ్చే కింది కుళాయి తిప్పితే బకెట్టు 2 నిమిషాల 20 సెకన్లలో నిండింది. నిమిషానికి 4.3 లీటర్లు. వచ్చే నీళ్లు 17 డిగ్రీలు, గీజరు దాటాక 52. పెరిగింది 35 డిగ్రీలు. గుణిస్తే 150. యంత్రంలో ఏ లోపమూ లేదు. కాపర్ కాయిల్ కొత్తదానిలా పనిచేస్తోంది, డయాఫ్రం కూడా.

మరి షవరు దగ్గర ఎందుకు ఆరిపోతోంది? దీనికి జవాబు ఎత్తుల్లో ఉంది. ట్యాంకులోని నీటి మట్టం నుంచి షవరు దాకా ఉన్న తేడా రెండు మీటర్లే. పది మీటర్ల ఎత్తు నీరు ఒక కేజీ ఒత్తిడి ఇస్తుంది కాబట్టి, ఇక్కడ 0.2 కేజీ మాత్రమే ఉంది. ఈ గీజర్ల మాన్యువళ్లలో అడిగే కనీస ఒత్తిడి సాధారణంగా 0.2, 0.3 కేజీల మధ్య ఉంటుంది. పైగా ఆ షవరు సన్నటి రంధ్రాలది, వచ్చిన కాస్త నీటినీ అదే ఆపేస్తోంది. కింది కుళాయి నేలకు దగ్గరగా ఉంది గనుక దానికి మూడున్నర మీటర్ల ఎత్తు దొరుకుతోంది, రంధ్రాల అడ్డూ లేదు.

ఇంతకీ కొద్దిగా తగ్గిన నీటికి మంట ఎందుకు అంత నిక్కచ్చిగా ఆరిపోవాలి? గీజరు అడుగున, నీళ్లు లోపలికి వచ్చే చోట ఇత్తడి పెట్టె ఒకటి ఉంటుంది. అందులో ఒక సన్నటి ఇరుకు, దాని పక్కన రబ్బరు డయాఫ్రం. నీళ్లు ఆ ఇరుకులోంచి వేగంగా పోయినప్పుడు డయాఫ్రానికి రెండు వైపులా ఒత్తిడిలో తేడా వస్తుంది. ఆ తేడా స్ప్రింగును గెలిచి ఒక పుల్లను ముందుకు తోస్తే గ్యాస్ వాల్వు తెరుచుకుంటుంది, చిన్న స్విచ్చు నొక్కుకుని బ్యాటరీ నిప్పురవ్వ వేస్తుంది. ఈ ఒత్తిడి తేడా నీటి ప్రవాహపు వర్గంతో మారుతుందన్నదే ఇక్కడి కీలకం. ప్రవాహం సగమైతే తోపు పావు వంతుకు పడిపోతుంది. కదమాలో 4.3 నుంచి 2.4కు తగ్గినప్పుడు డయాఫ్రం మీద తోపు మూడో వంతు కంటే తక్కువైపోయింది. అప్పుడు స్ప్రింగుదే పైచేయి, వాల్వు మూసుకుంటుంది. ఎలక్ట్రానిక్ గీజర్లలో డయాఫ్రానికి బదులు అయస్కాంతం ఉన్న చిన్న చక్రం తిరుగుతూ లీటర్లు లెక్కపెడుతుంది. ఆ రకం మంటను తనంతట తానే తగ్గించుకోగలదు. అయినా దానికీ ఒక కనీస ప్రవాహం ఉంటుంది, దానికి దిగువన అది కూడా ఆరిపోతుంది.

ఆ కనీస హద్దు లేకపోతే ఏమవుతుందో 150 అనే అంకె చెబుతుంది. పూర్తి మంట మీద నిమిషానికి లీటరున్నర మాత్రమే పోతే పెరగాల్సింది వంద డిగ్రీలు. అంటే గొట్టంలో నీరు మరుగుతుంది, ఆవిరవుతుంది. షవరు దగ్గర కొలిచిన 2.4 లీటర్లకే అరవై రెండు డిగ్రీలు పెరుగుతాయి. పదిహేడుకు అది కలిపితే 79. ఒంటి మీద పడితే చర్మం ఊడివస్తుంది. మే నెలలో డాబా మీది ట్యాంకులో నీళ్లు 38 డిగ్రీలున్నాయనుకుంటే, అదే ప్రవాహానికి అవి మరుగు దాకా పోతాయి. వేసవి, చలికాలం అని గీజరు మీద ఒక నాబ్ ఉండేది అందుకే. వేసవి వైపు తిప్పితే కొన్ని బర్నర్లే వెలుగుతాయి, 150 కాస్తా తగ్గిపోతుంది. కాబట్టి కదమాలో మంట ఆరిపోవడం లోపం కాదు. యంత్రం చెయ్యాల్సిన పనే చేసింది.

మిస్త్రీ చేయబోయిన మరమ్మతు అందుకే నాకు కోపం తెప్పించింది. డయాఫ్రం మార్చి, "స్ప్రింగు కాస్త కోసి లూజు చేస్తాను, తక్కువ నీటికీ వెలుగుతుంది" అన్నాడట. నిజమే, వెలుగుతుంది. ప్రాణాన్ని కాపాడే హద్దును తీసేస్తే వెలగక ఏమవుతుంది? నీళ్లు దాదాపు ఆగిపోయినా మంట ఆరకుండా, రాగి గొట్టం ఎండి కాలేదాకా పరిస్థితి వస్తుంది. ఇలాంటి మరమ్మతు మీ ఇంట్లో జరగనివ్వకండి. పిన్ని ఇంటికి కావలసినవి ఎక్కువ నీళ్లు. సన్నరంధ్రాల షవరు తీసి వెడల్పు రంధ్రాలది పెట్టించాం. ట్యాంకు నుంచి బాత్రూమ్ దాకా వచ్చే అరంగుళం గొట్టం నుంచే వంటింటి కుళాయి కూడా పోతోంది, వంటింట్లో తిప్పితే ఇక్కడ నీళ్లు తగ్గుతున్నాయి. గీజరుకు విడిగా ముప్పావు అంగుళం గొట్టం వేయిస్తే తీరుతుంది, లేదా చిన్న ప్రెజర్ పంపు. మరో అలవాటు కూడా మార్చుకోమన్నాను. వేడి ఎక్కువైందని పక్కనున్న చన్నీళ్ల కుళాయి తిప్పి కలుపుకుంటే, షవరుకు వచ్చే మొత్తం అంతేగా, గీజరులోంచి పోయే వాటా తగ్గి మంట ఆరుతుంది. గ్యాస్ నాబ్‌ను తగ్గించుకోవాలి, చన్నీళ్లు కలపకూడదు. వేడి చాలడం లేదని వేన్నీళ్ల కుళాయిని సగం మూసేవాళ్లు కూడా ఇదే ఉచ్చులో పడతారు.

మాంగో గీజరు పూర్తిగా వేరు. అక్కడ నీటి కరువు లేదు. ఇల్లు రెండంతస్తులది, స్నానాల గది కింది అంతస్తులో ఉంది, ట్యాంకు పైన ఉంది, ఒత్తిడి దండిగా ఉంది. కుళాయి తిప్పగానే మంట అంటుకుంటుంది. కొద్ది నిమిషాలయ్యాక లోపల గుడగుడమని శబ్దం మొదలవుతుంది. ఆ తర్వాత ఆరిపోతుంది. కాసేపు ఆగి మళ్లీ తిప్పితే వెలుగుతుంది. మంట మొదట్లోనే నిలవకపోవడం కదమా లక్షణం, వెలిగి కొంతసేపు మండాక ఆరిపోవడం మాంగో లక్షణం. రెండిళ్లలోనూ చూసింది ఈ తేడా ఒక్కటే అయినా సరిపోయేది. అయినా కొలవకుండా నమ్మడం నాకిష్టం లేదు.

గ్యాస్ కట్టేసి, గీజరులోంచి వచ్చే కుళాయిని పది లీటర్ల బకెట్టులోకి వదిలితే 2 నిమిషాల 55 సెకన్లు పట్టింది. దాని పక్కనే అదే ఎత్తులో ఉన్న చన్నీళ్ల కుళాయికి 1 నిమిషం 25 సెకన్లే. ఒకే ట్యాంకు, ఒకే ఎత్తు, అయినా గీజరు దారిలో నీళ్లు సగానికి పడిపోయాయి. అడ్డు లోపలే ఉంది. మొదట అనుమానించవలసింది గీజరులోకి నీళ్లు వచ్చే చోట ఉండే చిన్న జాలీని. విప్పితే బోరు ఇసుక, తుప్పు పొడి బయటపడ్డాయి. కడిగి బిగిస్తే 2 నిమిషాల 40 సెకన్లు. అంటే నిమిషానికి 3.75 లీటర్లు. మెరుగు కొంచెమే. ఇక మిగిలింది రాగి గొట్టం.

అప్పుడు వెలిగించి చూశాను. వచ్చే నీళ్లు 19 డిగ్రీలు, పోయేవి 47. పెరిగింది 28. మూడు ముప్పావుతో గుణిస్తే 105. కదమాలో 150 చూసిన కళ్లకు ఈ 105 చాలా మాట్లాడింది. మంట అదే, గ్యాసు అంతే కాలుతోంది, కానీ మూడో వంతుకు కాస్త తక్కువ వేడి నీటికి చేరకుండా పొగగొట్టంలోంచి పోతోంది. కదమాలో నీళ్లు తక్కువైనా వేడి వృథా కాలేదు. ఇక్కడ నీళ్లూ తగ్గాయి, వేడీ దారి తప్పింది. ఈ రెంటినీ విడదీసేది ఆ గుణకారమే.

గట్టి నీటిలో కరిగి ఉండే కాల్షియం బైకార్బనేట్ వేడి తగిలితే విడిపోయి సున్నపు గారగా రాగి గోడకు అంటుకుంటుంది. అరవై డిగ్రీలు దాటిన చోట ఇది మరీ చురుకుగా జరుగుతుంది. అందుకే గార గొట్టమంతా సమానంగా పేరుకోదు. నీళ్లు బయటికి పోబోయే చివరి మలుపుల్లో, అంటే ఎక్కువ వేడెక్కే చోట మందంగా కడుతుంది. ఎంత వేగంగా కడుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 మొత్తం కాఠిన్యాన్ని లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా అంగీకరిస్తుంది, వేరే నీరు లేకపోతే 600 దాకా. బోరు నీటిలో 300 ఉందనుకుందాం. రోజుకు వంద లీటర్లు కాస్తే గొట్టంలోంచి 30 గ్రాముల సున్నం పోతుంది. అందులో నూటికి ఒక్క వంతు గోడకు అంటుకున్నా సంవత్సరానికి 110 గ్రాములు. రెండున్నర మీటర్ల పొడవు, 13 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం గల గొట్టానికి అది సగటున 0.4 మిల్లీమీటర్ల పూత. రెండున్నరేళ్లలో పదమూడు కాస్తా పదకొండవుతుంది. రెండు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ గొట్టంలో నీటికి ఎదురయ్యే అడ్డు వ్యాసపు అయిదో ఘాతానికి విలోమంగా పెరుగుతుంది. ఆ రెండు మిల్లీమీటర్లకే అడ్డు రెండింతలు దాటుతుంది, అదే ఒత్తిడి మీద ప్రవాహం మూడింట రెండు వంతులకు పడుతుంది.

ప్రవాహం తగ్గడం కంటే ప్రమాదకరమైనది వేడి విషయం. రాగి వేడిని పంపడంలో సున్నపు గార కంటే వంద రెట్లకు తక్కువ కాకుండా మెరుగు. గార మధ్యలో నిలబడితే మంట తగిలే రాగి గోడ బాగా వేడెక్కుతుంది గానీ ఆ వేడి నీటికి చేరదు. నూలు గుడ్డ చుట్టిన గిన్నెను పొయ్యి మీద పెట్టినట్టు ఉంటుంది పరిస్థితి. గార పగుళ్లలోకి చేరిన కాస్త నీరు అక్కడికక్కడే మరిగి ఆవిరై పగిలిపోతుంది. ఆ గుడగుడ శబ్దం అదే. బయటికి వచ్చే నీళ్లు 47 డిగ్రీలే ఉన్నా గొట్టం బయటి లోహం అంతకు ఎంతో పైన ఉంటుంది. దాని మీద బిగించిన అతివేడి స్విచ్చు అది గమనించి మంటను ఆపేస్తుంది. లోహం చల్లారాక మళ్లీ వెలగనిస్తుంది. డయాఫ్రం మారిస్తే దీనికేమీ కాదు. అక్కడ మిస్త్రీ చెప్పినట్టు చేసి ఉంటే డబ్బు పోయి, కొద్ది రోజుల్లోనే అదే శబ్దం మళ్లీ వచ్చేది.

వెలిగి ఆరిపోయే ప్రతి గీజరుకూ కారణం గారే అని కూడా అనుకోకూడదు. చాలా గీజర్లలో ఇరవై నిమిషాలకు తనంతట తాను ఆగే టైమరు ఉంటుంది. బ్యాటరీలు నీరసిస్తే నిప్పురవ్వ పడదు. సిలిండరు అడుగంటితే మంట చిన్నదై 150 తగ్గుతుంది. మంట నీలంగా, పూర్తి ఎత్తులో ఉందో లేదో ముందే చూసుకుంటే ఇవి పక్కకు తొలగుతాయి. మాంగోలో మంట నీలంగానే ఉంది గానీ అంచుల్లో పసుపు తిరిగింది. ఇది వేరే హెచ్చరిక. గొట్టం బయట రెక్కల మధ్య మసి పట్టి గాలి పోయే దారి ఇరుకైతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు, మనిషి స్పృహ తప్పేదాకా తెలియదు. బావగారి గీజరు స్నానాల గది లోపలే ఉంది, చిన్న కిటికీ మూసి. ఇంకేం చేసినా చేయకపోయినా దాన్ని బయటి గోడకు మార్చిన తర్వాతే శుభ్రం చేద్దామని పట్టుపట్టాను. ఆయన ఒప్పుకున్నారు.

శుభ్రం చేసిన పద్ధతి ఇది. గ్యాస్ కట్టేసి, బ్యాటరీలు తీసి, గీజరు రెండు కొసల గొట్టాలూ విప్పాం. ఇత్తడి పెట్టెలో రబ్బరు ఉంటుంది కాబట్టి దాన్ని తప్పించి నేరుగా రాగి కాయిల్ రెండు చివరలకే సన్న గొట్టాలు తగిలించాం. పది లీటర్ల నీళ్లలో అరకిలో నిమ్మ ఉప్పు కలిపి, కూలర్‌లో వాడే చిన్న పంపుతో ఆ నీటిని కాయిల్‌లోంచి బకెట్టులోకి గంటసేపు తిప్పాం. మొదట బుడగలు బాగా వచ్చాయి. అది గార కరుగుతూ కార్బన్ డయాక్సైడ్ వదలడం. బుడగలు తగ్గేసరికి నీళ్లు చిక్కబడి మురికిగా మారాయి. వాటిని పారబోసి కొత్తగా కలిపి మళ్లీ అరగంట తిప్పాం. బుడగలు పూర్తిగా ఆగాక మంచి నీటితో చాలాసేపు కడిగాం. గార త్వరగా పోతుందని బాత్రూమ్ కడిగే యాసిడ్ పొయ్యమని ఒకరు సలహా ఇచ్చారు. అది గారతో పాటు రాగినీ, అతుకులనూ తినేస్తుంది. పలుచనైన గొట్టం తర్వాత చిల్లు పడుతుంది. ఆ ఆలోచన చేయకూడదు. బయటి రెక్కలను మెత్తని బ్రష్షుతో దులిపాం.

తర్వాత మళ్లీ బకెట్టు పెట్టాను. పది లీటర్లు 1 నిమిషం 50 సెకన్లలో నిండాయి. నిమిషానికి 5.45 లీటర్లు. వెలిగించి కొలిస్తే వచ్చేవి 19, పోయేవి 44.5. గుణిస్తే 139. గుడగుడ ఆగింది, మంట ఆరలేదు.

నూట యాభైకి ఇంకా పదకొండు తక్కువ. చివరి మలుపుల్లో పాత గార కొంత మిగిలే ఉంటుంది, అది ఒక్క విడతలో పోదు. బోరు నీరు మారనంత కాలం కొత్తది కూడా కడుతూనే ఉంటుంది. బావగారు గీజరు పక్కన గోడ మీద పెన్సిలుతో తేదీ వేసి 139 అని రాసుకున్నారు. నాలుగైదు నెలలకొకసారి కొలిచి, 120 దగ్గరికి దిగగానే నిమ్మ ఉప్పు తిప్పుతానన్నారు. స్నానానికి సరిపడే వేడికి మించి నాబ్ పెట్టకపోతే గార కట్టడం కూడా నెమ్మదిస్తుంది. పిన్ని ఇంట్లో ఆ గుణకారం మళ్లీ చేయవలసిన అవసరం చాలాకాలం రాకపోవచ్చు. అక్కడ కొలవవలసింది షవరు కింద బకెట్టు నిండే సమయం మాత్రమే. అది మూడు నిమిషాల లోపు ఉన్నంతవరకు ఆ మంట నిలబడుతుంది.